ఎవరికో, ఎంతో, ఎందుకో చెప్పకుండా "సమ్మరీ పంపండి" అంటే: వందల పేజీల పీడీఎఫ్‌ను కుదించే పద్ధతి

"రిపోర్ట్ అటాచ్ చేశాను, సమ్మరీ పంపగలరు." మెయిల్‌లో ఉన్నది ఈ ఒక్క వరుస. చదివేది ఎవరో, ఒక పేజీ కావాలో పది పేజీలు కావాలో, మీటింగ్‌లో చూపించడానికో ఫైల్లో పెట్టడానికో అందులో లేదు. ఇలాంటప్పుడు ఏం చేయాలని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే నేను పాటించే క్రమాన్ని మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

ఉదాహరణకు అందరికీ ఉచితంగా దొరికే ఒక రిపోర్టు తీసుకుందాం. అది జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, అంటే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్‌-5. కేంద్ర ఆరోగ్య శాఖ కోసం ముంబైలోని అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ ఈ సర్వే చేసింది. జాతీయ రిపోర్టు 2022 మేలో విడుదలైంది. అది వందల పేజీల పీడీఎఫ్, సగానికి పైగా పట్టికలే. తల్లీబిడ్డల ఆరోగ్యం మీద పనిచేసే హైదరాబాద్ సంస్థ ఒకదానిలో మీరు ఉద్యోగం చేస్తున్నారనీ, మీ సర్ ఈ ఫైల్ పంపారనీ అనుకోండి.

## 1. ఫైల్ తెరవకముందే చేయాల్సిన పని

నా మొదటి సమ్మరీ ఇలాంటిదే. నాలుగు రోజులు కూర్చుని పదకొండు పేజీలు రాశాను. మొదటి పేజీ అంతా సర్వే ఎలా చేశారన్న వివరమే. అడిగిన ఆయనకు అది అందింది సమావేశానికి వెళ్లే దారిలో. నిలబడి చదవడానికి ఆయనకు రెండు నిమిషాలే ఉన్నాయి. అసలు విషయం నాలుగో పేజీలో ఉంది, ఆయన అక్కడిదాకా వెళ్లలేదు.

అందుకే ఇప్పుడు రిపోర్టు కంటే ముందు మెయిల్ చదువుతాను. ఎవరికి, ఎందుకు అన్నది రాయకపోయినా కొన్ని ఆనవాళ్లు అందులోనే ఉంటాయి:

- మెయిల్‌లో ఇంకా ఎవరెవరికి కాపీ వెళ్లింది? అకౌంట్స్ వాళ్లుంటే నిధుల విషయం. ఫీల్డ్ కోఆర్డినేటర్లుంటే గ్రామాల్లో చేసే పని విషయం.
- ఈ రెండు వారాల్లో ఏ సమావేశం ఉంది, ఏ ప్రపోజల్ వెళ్లాలి?
- పంపినది జాతీయ రిపోర్టా, రాష్ట్ర రిపోర్టా, కొద్ది పేజీల ఫ్యాక్ట్ షీటా? ఫైల్ ఎంపికలోనే పంపినవారి ఆసక్తి కొంత కనిపిస్తుంది.
- ఇంతకు ముందు ఆయన మెచ్చుకున్న నోట్ ఎంత పొడవుంది?

తర్వాత ఒకే ఒక్క మెసేజ్ పెట్టండి. "ఎవరికోసం సర్? ఎన్ని పేజీలు సర్? ఎందుకు సర్?" అని మూడు ప్రశ్నలు వేస్తే జవాబు రాదు. మీరే ఒక నిర్ణయం తీసుకుని, దాన్ని దిద్దమని అడగండి:

"సర్, తెలంగాణలో తల్లీబిడ్డల ఆరోగ్యం వరకు ఒక పేజీ రాస్తున్నాను. చదివేవాళ్లకు ఈ సర్వే గురించి ముందే తెలియదనుకుంటున్నాను. వేరేలా కావాలంటే రేపు పదకొండు లోపు చెప్పండి, లేకపోతే ఇలాగే పంపిస్తాను."

దీనికి "ఓకే" అనో, "ఆంధ్రా కూడా చేర్చు" అనో అనడం చాలా సులువు. అసలు జవాబే రాకపోయినా మీ పని ఆగదు.

## 2. చేతిలో ఉన్నది ఏ పత్రమో తేల్చుకోవడం

పేరు ఒకటే అయినా పత్రాలు వేరు. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్‌-5 కింద జాతీయ రిపోర్టు ఉంది, ఒక్కో రాష్ట్రానికి విడి రిపోర్టు ఉంది, ఫ్యాక్ట్ షీట్లు ఉన్నాయి. మీకు పంపింది ఏదో, ఏ సంవత్సరానిదో మీ కాగితం పైన రాసి పెట్టుకోండి.

రిపోర్టు వచ్చిన తేదీ వేరు, వివరాలు సేకరించిన తేదీ వేరు. ఈ సర్వే రెండు దశల్లో జరిగింది. మొదటి దశ 2019 జూన్‌లో మొదలై 2020 జనవరి 30తో ముగిసింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఆ దశలోనే ఉన్నాయి. రెండో దశ 2021 ఏప్రిల్ దాకా సాగింది.

ఇది చిన్న వివరంలా కనిపిస్తుంది. కానీ 2022 రిపోర్టు కదా అని "కరోనా తర్వాత తెలంగాణ పిల్లల్లో రక్తహీనత పెరిగింది" అని రాసేవాళ్లను చూశాను. తెలంగాణలో వివరాలు సేకరించేనాటికి లాక్‌డౌనే లేదు. ఆ ఒక్క వాక్యంతో సమ్మరీ మొత్తం మీద నమ్మకం పోతుంది.

పేజీ నంబర్ల సంగతి కూడా ఇక్కడే తేల్చుకోండి. ముందుమాట, విషయసూచిక పేజీలకు రోమన్ అంకెలు ఉంటాయి కాబట్టి కాగితం మీద ముద్రించిన నంబరూ, స్క్రీన్ మీద పీడీఎఫ్ చూపించే నంబరూ కలవవు. రెండింటికీ తేడా ఎంతో ఒకసారి లెక్కేసి పెట్టుకుని, ముద్రించిన నంబరే అంతటా వాడండి. ప్రింట్ తీసుకుని చదివేవాళ్లకు అదే కనిపిస్తుంది.

## 3. చదవాల్సిన క్రమం

మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవకండి. అలా చదివితే వందో పేజీకల్లా అన్నీ ముఖ్యంగానే కనిపిస్తాయి. ఈ క్రమంలో వెళ్లండి:

1. విషయసూచిక. ఏ అధ్యాయానికి ఎన్ని పేజీలు ఇచ్చారో చూడండి.
2. మొదటి అధ్యాయంలో సర్వే ఎలా చేశారన్న భాగం. ఎవరిని అడిగారు, ఎప్పుడు అడిగారు, ఎవరిని వదిలేశారు అన్న మూడు విషయాలు మాత్రం రాసుకోండి.
3. ప్రతి అధ్యాయం మొదట్లో ఉండే ముఖ్యాంశాలు. ఇవి చదివితే రిపోర్టు రాసినవాళ్ల దృష్టిలో ఏది పెద్ద విషయమో తెలుస్తుంది.
4. మీరు ఎంచుకున్న రెండు మూడు అధ్యాయాలు మాత్రం పూర్తిగా.
5. వాటిలో మీరు వాడబోయే అంకెలు ఉన్న పట్టికలు, కింద చిన్న అక్షరాల్లో ఉండే గమనికలతో సహా.

చివరిది ఎవరూ చూడరు. ఈ సర్వే పట్టికల్లో కొన్ని అంకెలు బ్రాకెట్లలో ఉంటాయి. అంటే ఆ అంకె 25 నుంచి 49 మంది వివరాల మీదే ఆధారపడిందని అర్థం. 25 మంది కూడా లేకపోతే అంకె బదులు నక్షత్రం గుర్తు ఉంటుంది. బ్రాకెట్లో ఉన్న అంకెను బ్రాకెట్ తీసేసి సమ్మరీలో పెడితే, ముప్పై మంది మాటను రాష్ట్రం మొత్తానికి అంటగట్టినట్టే.

## 4. నోట్సు రాసుకునే తీరు

రిపోర్టు నుంచి వాక్యాలు కాపీ చేసి వర్డ్‌లో పేస్ట్ చేసుకుంటూ పోతే చివరికి ఇరవై పేజీల రెండో రిపోర్టు తయారవుతుంది. దాన్ని మళ్లీ కుదించాలి. దానికి బదులు ఒక్కో విషయానికి ఒక్కో చీటీ రాయండి. చీటీలో ఐదు గళ్లు చాలు:

- విషయం: మీ మాటల్లో ఒక వాక్యం
- అంకె
- ఎవరిలో: ఈ శాతం ఎవరెవరిని లెక్కలోకి తీసుకుని వచ్చింది
- దేనితో పోలిక: పాత సర్వేతోనా, దేశంతోనా
- పేజీ, పట్టిక నంబరు

మూడో గడి ఖాళీగా ఉంటే ఆ చీటీని వాడొద్దు. దీని మీద నేను ఇంత పట్టుదలగా ఎందుకు ఉంటానో ఒక ఉదాహరణతో చెబుతాను.

తెలంగాణలో ప్రైవేటు ఆసుపత్రుల దగ్గర 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల దగ్గర 44.5 శాతం అని సిజేరియన్ అంకెలు ఉంటాయి. తొందరలో చాలామంది రాసేది ఇది: "తెలంగాణలో జరిగే సిజేరియన్లలో 81.5 శాతం ప్రైవేటు ఆసుపత్రుల్లోనే." ఇది తప్పు. ప్రైవేటులో జరిగిన ప్రతి 100 కాన్పుల్లో 81.5 సిజేరియన్లు అన్నది దాని అర్థం.

రెంటికీ తేడా ఎంతో లెక్కేసి చూద్దాం. తెలంగాణలో 100 కాన్పులు జరిగాయనుకోండి. సర్వే ప్రకారం 97 ఆసుపత్రుల్లో, అందులో దాదాపు 50 ప్రభుత్వ ఆసుపత్రుల్లో. మిగిలిన 47 ప్రైవేటులో. యాభైలో 44.5 శాతం అంటే 22. నలభై ఏడులో 81.5 శాతం అంటే 38. రెండూ కలిపితే 60. రాష్ట్రం మొత్తానికి రిపోర్టు ఇచ్చిన అంకె 60.7. సరిపోయింది, అంటే మనం అర్థం చేసుకున్నది సరైనదే.

ఇప్పుడు అరవై సిజేరియన్లలో ప్రైవేటులో జరిగినవి 38, అంటే నూటికి 63. తప్పు వాక్యం 81.5 అంది. వీలైన చోటల్లా ఇలా విడి అంకెలు కలిపి మొత్తం వస్తుందో లేదో చూడండి. ఐదు నిమిషాల పని.

## 5. ప్రయోజనం తెలియనప్పుడు ఏది ఉంచాలి, ఏది వదలాలి

అసలు చిక్కు ఇక్కడే. ఎందుకో తెలిస్తే ఎంపిక దానంతట అదే జరిగిపోతుంది. తెలియనప్పుడు అన్నిటి నుంచీ తలా కాస్త పెట్టాలనిపిస్తుంది. అప్పుడు ఎవరికీ పనికిరాని కాగితం తయారవుతుంది.

నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఒకటి, రిపోర్టు రాసినవాళ్లే ముందుకు తెచ్చిన విషయమా? రెండు, గత సర్వేతో పోలిస్తే బాగా మారిందా, లేక మారాల్సి ఉండి మారలేదా? మూడు, ఇది తెలియకపోతే చదివినవాళ్లు తప్పు నిర్ణయం తీసుకునే ప్రమాదం ఉందా? మూడింటిలో రెండింటికి అవునని వస్తేనే చీటీ ఉంటుంది.

మన ఉదాహరణలో నిలిచేవి ఇవి. ఆసుపత్రి కాన్పులు 97 శాతానికి చేరాయి. సిజేరియన్లు దాదాపు 58 నుంచి 60.7 శాతానికి పెరిగాయి, దేశం సగటు 21.5 మాత్రమే. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత 60.7 నుంచి 70 శాతానికి పెరిగింది. వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు 28 నుంచి 33.1 శాతానికి పెరిగారు.

సిజేరియన్లకూ, పాత సర్వేలో పిల్లల రక్తహీనతకూ ఒకే అంకె, 60.7 ఉండటం చూశారా? చీటీలు లేకుండా రాస్తే ఇవి ఒకదాని చోట ఒకటి వచ్చి కూర్చుంటాయి.

వదిలేసినవాటిని నిశ్శబ్దంగా వదలకండి. "కుటుంబ నియంత్రణ, హెచ్‌ఐవీ, గృహహింస అధ్యాయాలు ఇందులో లేవు" అని ఒక వాక్యం రాయండి. అది చూస్తే మీరు మర్చిపోలేదనీ, కావాలంటే అడగొచ్చనీ వాళ్లకు తెలుస్తుంది.

## 6. ఎక్కడ ఆపి చదివినా సరిపోయేలా రాయడం

పొడవు చెప్పలేదు కాబట్టి మూడు పొడవుల్లో ఒకే కాగితం మీద రాయండి. పైన ఒక వాక్యం, దాని కింద ఒక పేరా, దాని కింద మిగతా పేజీ. వాక్యం దగ్గర ఆపినవాళ్లకు అసలు సంగతి అందాలి. పేరా దగ్గర ఆపినవాళ్లకు కారణాలు, పోలికలు అందాలి. కింది భాగాన్ని కత్తిరించి పారేసినా పైది తప్పు అర్థం ఇవ్వకూడదు.

మొట్టమొదట మాత్రం మీరు ఏం అనుకుని రాశారో చెప్పే వరుస ఉండాలి. మన ఉదాహరణలో పై భాగం ఇలా ఉంటుంది:

> ఎవరికోసం: ఈ సర్వేతో పరిచయం లేనివారికి. తెలంగాణ తల్లీబిడ్డల ఆరోగ్యం వరకే. వివరాలు సేకరించింది కరోనాకు ముందు.
>
> ఒక్క మాటలో: తెలంగాణలో దాదాపు కాన్పులన్నీ ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. కానీ నూటికి 61 సిజేరియన్లు, నూటికి 70 మంది చిన్నపిల్లల్లో రక్తహీనత ఉంది.
>
> కొంచెం వివరంగా: ఆసుపత్రి కాన్పులు 97 శాతానికి చేరాయి (పే. …). సిజేరియన్లు 60.7 శాతం, దేశం సగటు 21.5 (పే. …). ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగే కాన్పుల్లో 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం సిజేరియన్లే (పే. …). ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత గత సర్వే కంటే 9.3 శాతం పాయింట్లు పెరిగింది (పే. …). ఇది వేలి నుంచి, ఏడాదిలోపు పిల్లలకైతే మడమ నుంచి తీసిన రక్తపు చుక్కతో చేసిన పరీక్ష.

మిగతా పేజీలో ఒక్కో విషయానికి ఒక్కో చిన్న పేరా, చివర్లో రిపోర్టు పరిమితులు, వదిలేసిన అధ్యాయాల వాక్యం. మొత్తం 300 మాటల్లో తేల్చండి. అంతకు మించితే ఏ4 పేజీ దాటుతుంది.

గమనించండి, "సిజేరియన్లు ప్రమాదకరంగా పెరిగాయి" అనో, "ప్రైవేటు ఆసుపత్రుల దోపిడీ" అనో ఇందులో లేదు. మీకు ఆ అభిప్రాయం ఉండొచ్చు, నాకూ కొంత ఉంది. కానీ సర్వే చెప్పింది ఎన్ని జరిగాయన్నది మాత్రమే, ఎందుకు జరిగాయో చెప్పలేదు. మీ అభిప్రాయం కూడా కావాలనుకుంటే "నా గమనిక" అని విడిగా, చివర్లో రాయండి.

## 7. తరచూ జరిగే పొరపాట్లు, వాటిని సరిదిద్దుకునే దారి

ఆకట్టుకునే అంకెను అర్థం చూడకుండా పైకి ఎత్తడం. ఈ సర్వే అంకెలు బయటికి రాగానే అంతటా తిరిగిన వార్త గుర్తుండే ఉంటుంది: దేశంలో ప్రతి 1000 మంది మగవాళ్లకు 1020 మంది ఆడవాళ్లు, ఆడవాళ్ల సంఖ్య మగవాళ్లను దాటేసింది అని. అంకె రిపోర్టులో ఉన్నదే. కానీ అది జనాభా లెక్క కాదు, సర్వే చేసిన ఇళ్లలో ముందు రాత్రి నిద్రించినవాళ్ల లెక్క. పని కోసం వేరే ఊరు వెళ్లి షెడ్డులో, హాస్టల్లో, బ్యారక్‌లో పడుకున్న మగవాళ్లు అందులోకి రారు.

అదే రిపోర్టులో ఇంకో అంకె ఉంది. గత ఐదేళ్లలో పుట్టిన పిల్లల్లో ప్రతి 1000 మంది మగపిల్లలకు 929 మంది ఆడపిల్లలు. ఒకటి శుభవార్తలా కనిపిస్తుంది, రెండోది ఆడపిల్లల కొరత ఇంకా తీరలేదని చెబుతుంది. సమ్మరీలో మొదటిది ఒక్కటే పెడితే చదివినవాళ్లు రిపోర్టుకు వ్యతిరేకమైన అభిప్రాయానికి వస్తారు. ఏ అంకె చూసి ఆశ్చర్యం వేసిందో, దాని కింది గమనికను ముందు చదవండి. దానికి జంటగా ఉండే అంకె కోసం Ctrl+F కొట్టి వెతకండి.

శాతం, శాతం పాయింటు కలిపేయడం. దేశంలో పిల్లల రక్తహీనత 58.6 నుంచి 67.1కి పెరిగింది. ఇది 8.5 శాతం పాయింట్ల పెరుగుదల. "8.5 శాతం పెరిగింది" అంటే తప్పు, అలా లెక్కిస్తే 14.5 శాతం అవుతుంది. అనుమానం ఉంటే "58.6 నుంచి 67.1కి" అని రెండు అంకెలూ రాసేయండి, గొడవ ఉండదు.

పక్క గడిలో అంకె దించుకోవడం. జాతీయ, రాష్ట్ర ఫ్యాక్ట్ షీట్లలో వరుసగా పట్టణం, గ్రామం, మొత్తం, గత సర్వే మొత్తం అని నాలుగు గళ్లుంటాయి. మొదటి గడి పట్టణానిది. కళ్లు సహజంగా అక్కడికే పోతాయి, కావాల్సింది మూడోది. స్కేలు పెట్టి చూడటంలో తప్పేమీ లేదు, నేను ఇప్పటికీ అలాగే చూస్తాను.

పట్టికను కాపీ చేసి పేస్ట్ చేయడం. పీడీఎఫ్ నుంచి పేస్ట్ చేస్తే ఖాళీ గళ్లు మాయమై అంకెలు ఎడమకు జరిగిపోతాయి. టైప్ చేయండి.

## 8. పంపే ముందు చూసుకోవాల్సినవి

రాసిన వెంటనే పంపకండి. కనీసం భోజనం చేసి వచ్చి ప్రింట్ తీసి, పక్కన రిపోర్టు పెట్టుకుని చూడండి.

- [ ] ప్రతి అంకెనూ అసలు పేజీలో మళ్లీ చూసి టిక్ పెట్టాను
- [ ] ప్రతి శాతం పక్కన అది ఎవరిలోనో ఉంది
- [ ] వివరాలు ఎప్పుడు సేకరించారో పైభాగంలోనే ఉంది
- [ ] బ్రాకెట్లో ఉన్న అంకెలు వాడలేదు, వాడితే కారణం రాశాను
- [ ] రిపోర్టు "కావచ్చు" అన్నచోట నేను "అయింది" అనలేదు
- [ ] మొదటి వాక్యం ఒక్కటే చదివినా అర్థం తప్పు పోదు
- [ ] ఏం వదిలేశానో రాశాను
- [ ] రిపోర్టు చూడని ఒక సహోద్యోగి చదివి, తనకు అర్థమైంది తిరిగి చెప్పారు

చివరిది మిగతా ఏడింటికంటే ఎక్కువ తప్పులు పట్టిస్తుంది. "నీకేం అర్థమైంది?" అని అడిగి వాళ్లు చెప్పేది వినండి, మధ్యలో వివరించకండి. ఒకసారి మా సహోద్యోగి ఒకామె "అంటే తెలంగాణలో సగం కాన్పులు ఇంట్లోనే అన్నమాట" అంది. "ప్రభుత్వ ఆసుపత్రుల్లో 49.7 శాతం" అని మాత్రమే రాశాను, మిగతా సగం ఎక్కడో రాయలేదు. ఆ పక్కన "ప్రైవేటులో దాదాపు 47" అని చేర్చితే సరిపోయింది.

## 9. పంపాక వచ్చే జవాబులు

ఇప్పుడు అసలు అవసరం బయటపడుతుంది. ఒక పేజీ చూశాక, ఏం కావాలో చెప్పడం వాళ్లకూ సులువు. సాధారణంగా వచ్చేవి మూడు.

"ఇంకొంచెం వివరంగా" అంటే వెంటనే పేజీలు పెంచకండి, ఏ పేరా గురించో అడగండి. ఆ విషయానికి చెందిన చీటీలు మీ దగ్గర ఉన్నాయి, ఆ ఒక్క పేరానే అర పేజీ చేయండి.

"కలెక్టరాఫీసుకి పంపుతున్నాం" అంటే రాష్ట్రం అంకెల పక్కన జిల్లా అంకెలు కావాలి. అవి జిల్లా ఫ్యాక్ట్ షీట్లలో ఉంటాయి. వాటిలో శాంపిల్ చిన్నది కాబట్టి బ్రాకెట్లు ఎక్కువ కనిపిస్తాయి, అక్కడ మరింత జాగ్రత్త.

"వాట్సాప్‌లో పెట్టేలా" అంటే పైనున్న ఒక్క వాక్యం, సర్వే పేరు, సంవత్సరం. సంవత్సరం లేకుండా మాత్రం పంపకండి, ఫార్వర్డ్ అయ్యే మెసేజ్‌లో అది ఇంకెవరూ చేర్చరు.

జవాబు ఏదైనా, చీటీలున్న ఫైల్‌నూ పీడీఎఫ్‌నూ ఒకే ఫోల్డర్లో, సర్వే పేరూ సంవత్సరమూ పెట్టి దాచండి. ఆరు నెలల తర్వాత "ఆ 60.7 ఎక్కడిది?" అని ఫోన్ వచ్చినప్పుడు పేజీ నంబరు చదివి చెప్పవచ్చు.